ఆరో తరగతికి: ఏప్రిల్‌లో బడి చూపించడమా, జూన్‌లో బ్రిడ్జి కోర్సా?

హన్మకొండ చుట్టుపక్కల ఊళ్లల్లో చాలాచోట్ల ఐదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్తారు. హైస్కూలుకు పోతే సబ్జెక్టుకో సారు. ఏ పీరియడ్‌కు ఏ నోట్సు తీయాలో, ఎవరి హోంవర్కు ఎప్పటికో తెలియకనే పిల్లలు ముందు తడబడతారు.

ఏప్రిల్‌లో ఒకపూట హైస్కూలు చూపిస్తే బెరుకు పోతుంది, ఖర్చూ లేదు. కానీ లెక్కల్లో లోటు బయటపడదు.

జూన్‌లో రెండు వారాల బ్రిడ్జి కోర్సు పెడితే ఆ లోటు బయటపడుతుంది. 618ని 6తో భాగించమనండి. 103 బదులు 13 అని రాస్తే సున్నా స్థానం తెలియలేదన్నమాట. ఆ పిల్లలకు పుల్లల కట్టలతో వందలు, పదులు, ఒకట్లు మళ్లీ చెప్పాలి. ఆరో తరగతి పాఠం ఆ తర్వాతే. అయితే సార్లంతా ఎవరికి వారే పరీక్ష పెడితే కోర్సే బరువవుతుంది. పిల్లలు హోంవర్కు రాసుకునే డైరీని మాత్రం ఒక్క క్లాస్ టీచరే రోజూ చూడాలి. రెండింట్లో ఒకటే కుదిరితే, మా ఓటు జూన్‌కే.