తప్పు జవాబు నొక్కితే ఎందుకు తప్పో చెప్పే క్విజ్ స్లైడ్: పవర్‌పాయింట్ ట్రిగ్గర్లతో నా అనుభవం

కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. చాలా కాలంగా పునశ్చరణ తరగతులకు పవర్‌పాయింట్‌లో క్విజ్ స్లైడ్లు చేసి వాడుతున్నాను. పిల్లవాడు ఒక జవాబు మీద నొక్కితే అది ఒప్పో తప్పో అక్కడే తెలిసేలా చేయడానికి ట్రిగ్గర్ అనే సదుపాయం ఉంది. ఇది కొత్తదేమీ కాదు, పవర్‌పాయింట్ 2002 నుంచీ ఉంది. బడిలో పాత కంప్యూటర్లలో ఉన్న 2016 వెర్షన్‌లోనూ, ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లోనూ ఒకేలా పనిచేస్తోంది. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. తరగతి గదిలో తెర మీద ఆడించడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. మార్కులు వేయడానికి మాత్రం ఇది పనికిరాదు.

మామూలు యానిమేషన్ తెర మీద ఎక్కడ నొక్కినా, వరుస ప్రకారం నడుస్తుంది. ట్రిగ్గర్ పెట్టిన యానిమేషన్ అలా కాదు. మనం చెప్పిన వస్తువు మీద నొక్కితేనే కదులుతుంది. క్విజ్‌కు కావలసింది సరిగ్గా ఇదే. అయితే చాలామంది "శభాష్" అని ఒక బొమ్మ, "తప్పు, మళ్లీ ప్రయత్నించు" అని ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అంతవరకే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, నోటితో చెప్పేయవచ్చు. ఒక్కో తప్పు జవాబుకు దాని సొంత వివరణ పెట్టినప్పుడే ఈ పద్ధతికి విలువ.

నేను ఎక్కువగా వాడే స్లైడ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. ప్రశ్న: "మహాభారతాన్ని విరాటపర్వం నుంచి తెలుగు చేసిన కవి ఎవరు?" జవాబులు నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన. నెల్లూరు పిల్లలకు తిక్కన పేరు కొత్త కాదు, అయినా నన్నయ మీద నొక్కేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. "సార్, నన్నయ కూడా భారతమే కదా రాసింది, తప్పెలా అయింది?" అని ఒక అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఉత్త "తప్పు" అన్న మాట ఆ పిల్లవాడికి ఏమీ నేర్పదు. అందుకే నన్నయ మీద నొక్కితే "నన్నయ రాసింది ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత భాగం. విరాటపర్వం ఆ తర్వాతది" అని వస్తుంది. ఎర్రన మీద నొక్కితే "అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని పూర్తి చేసింది ఎర్రన. కాలంలో తిక్కన కంటే తర్వాతివాడు" అని, పోతన మీద నొక్కితే "పోతన తెలుగు చేసింది భాగవతం" అని వస్తుంది. తిక్కనకు "ఒప్పు. విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థాన కవి" అని పెట్టాను. ఒక్క ప్రశ్నతో కవిత్రయం మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. తప్పులు నొక్కిన పిల్లలే ఎక్కువ చదువుతారు.

ఇక తయారీ. జవాబులకు నాలుగు పెట్టెలు గీసి, అక్షరాలు ఆ పెట్టెలోనే టైప్ చేయాలి. పెట్టె మీద వేరే టెక్స్ట్ బాక్స్ పెడితే, పిల్లవాడు అక్షరాల మీద నొక్కినప్పుడు ఆ నొక్కు కింద ఉన్న పెట్టెకు చేరదు. పెట్టెకు రంగు కూడా ఉండాలి. `No Fill` పెడితే అక్షరాల మీద, అంచు మీద నొక్కినప్పుడు తప్ప మిగతా చోట్ల పనిచేయదు. రంగు కనిపించకూడదనుకుంటే రంగు వేసి, దాని `Transparency` 100 శాతం చేయండి. చూడటానికి రెండూ ఒకటే, కానీ ఇది ఎక్కడ నొక్కినా పలుకుతుంది.

తర్వాత వివరణలకు నాలుగు పెట్టెలు గీసి, స్లైడ్ కింది భాగంలో అన్నీ ఒకే చోట, ఒకదానిమీద ఒకటి పెట్టాలి. ఇక్కడ ఆగి పేర్లు మార్చుకోవడం చాలా అవసరం. `Alt+F10` నొక్కితే కుడి పక్కన `Selection Pane` తెరుచుకుంటుంది. అందులో `Rectangle 4`, `Rectangle 9` లాంటి పేర్లు ఉంటాయి. ఒక్కోదాని మీద రెండుసార్లు నొక్కి "జ నన్నయ", "వ నన్నయ" అని మార్చుకోండి. జ అంటే జవాబు, వ అంటే వివరణ. ట్రిగ్గర్ పెట్టేటప్పుడు కనిపించే జాబితాలో ఈ పేర్లే వస్తాయి. పేర్లు మార్చకపోతే ఎనిమిది దీర్ఘచతురస్రాల్లో ఏది ఏదో ఊహించుకోవాల్సి వస్తుంది. ఇదే పేన్‌లో ఒప్పు వివరణను, అంటే "వ తిక్కన"ను, అన్నిటికంటే పైకి జరపండి. దాని రంగు పారదర్శకంగా ఉండకూడదు. కారణం కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు "వ నన్నయ"ను ఎంచుకుని `Animations` లో `Appear` ఇవ్వండి. తర్వాత `Trigger` నొక్కి, `On Click of` లో "జ నన్నయ"ను ఎంచుకోండి. `Animation Pane` తెరిచి చూస్తే `Trigger: జ నన్నయ` అన్న శీర్షిక కింద ఆ ఎఫెక్ట్ చేరి ఉంటుంది. స్లైడ్ మీద కూడా ఆ పెట్టె పక్కన అంకెకు బదులు చిన్న మెరుపు గుర్తు కనబడుతుంది. మిగతా మూడింటికీ ఇదే పని.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. చిక్కు దీని తర్వాతే మొదలవుతుంది. నన్నయ వివరణ కనిపించాక పిల్లవాడు పోతన మీద నొక్కితే పాత వివరణ పోవాలి కదా. ప్రతి జవాబు నొక్కినప్పుడూ మిగతా మూడు వివరణలనూ మాయం చేయడం ఒక పద్ధతి. అలా అయితే ఒక్క స్లైడ్‌కు పదహారు ఎఫెక్టులు అవుతాయి. ఎక్కడో ఒకటి తప్పిపోయినా వెతికి పట్టుకోవడం పెద్ద టెన్షన్. నేను దాన్ని వదిలేసి ఇంకో దారి పట్టాను: తప్పు వివరణ కాసేపు కనిపించి తనంతట తానే పోతుంది, ఒప్పు వివరణ నిలిచి ఉంటుంది.

దీనికి "వ నన్నయ"ను మళ్లీ ఎంచుకుని `Add Animation` నుంచి `Disappear` చేర్చాలి. పైనున్న మామూలు యానిమేషన్ల పెట్టెలోంచి ఇస్తే పాత `Appear` పోయి దాని స్థానంలో ఇది వస్తుంది. కాబట్టి తప్పనిసరిగా `Add Animation` నుంచే చేర్చాలి. అలా చేర్చిన ఎఫెక్ట్ ట్రిగ్గర్ కిందికి వెళ్లదు, పేన్‌లో పైన మామూలు వరుసలో కూర్చుంటుంది. దానికి కూడా `Trigger` లో "జ నన్నయ"నే ఇవ్వాలి. ఆ తర్వాత `Start` దగ్గర `After Previous` పెట్టి, `Delay` లో 8 సెకన్లు ఇవ్వండి. నెమ్మదిగా చదివే పిల్లలు ఉంటే 10 పెట్టండి. ఎర్రన, పోతనలకూ ఇలాగే చేయండి. తిక్కనకు `Disappear` వద్దు. మొత్తం ఏడు ఎఫెక్టులతో పని అయిపోతుంది. ఒప్పు వివరణ అన్నిటికంటే పైన, నిండు రంగుతో ఉంది కాబట్టి, ఆ తర్వాత ఎవరైనా తప్పు జవాబు నొక్కినా ఆ వివరణ దాని వెనకే వచ్చిపోతుంది.

తేడా వస్తే గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వివరణ మొదటి నొక్కుకు వచ్చి, అదే జవాబు మళ్లీ నొక్కితేనే పోతుంటే, రెండో ఎఫెక్ట్ ఇంకా `On Click` లోనే ఉందన్నమాట. మెరుపు గుర్తు పక్కన 1 అన్న అంకె కూడా కనబడితే ఒక ఎఫెక్ట్ ట్రిగ్గర్ బయట ఉండిపోయింది.

తరగతిలో నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. జవాబు మీద కాకుండా పక్కన ఖాళీలో నొక్కితే నేరుగా తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోతుంది. చిన్న చేతులకు మౌస్ సరిగ్గా కుదరదు, ఇది తప్పకుండా జరుగుతుంది. `Transitions` లో `On Mouse Click` దగ్గర టిక్ తీసేస్తే ఖాళీలో నొక్కడం వల్ల స్లైడ్ మారదు. అయినా కీబోర్డు బాణాలకు, మౌస్ చక్రానికి మారుతూనే ఉంటుంది. అది కూడా ఆగాలంటే `Set Up Slide Show` లో `Browsed at a kiosk` ఎంచుకోవాలి. అప్పుడు `Esc` తో బయటికి రావడం తప్ప కీబోర్డుతో స్లైడ్లు కదలవు. కాబట్టి "తర్వాతి ప్రశ్న" అని ఒక బటన్ పెట్టి, `Insert` లోని `Action` ద్వారా `Next Slide` కు కలపాలి. ఆ బటన్‌కు కూడా `Appear` ఇచ్చి, "జ తిక్కన" ట్రిగ్గర్ కిందే `With Previous` గా చేర్చాను. ఒప్పు జవాబు నొక్కేదాకా బటన్ కనిపించదు, కనిపించని బటన్ నొక్కుకు పలకదు. ఈ స్లైడ్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

ఒక స్లైడ్ బాగా కుదిరాక మిగతా ప్రశ్నలకు స్లైడ్ మొత్తాన్ని `Duplicate Slide` చేసి అక్షరాలు మాత్రం మార్చుకుంటాను. ట్రిగ్గర్లు అలాగే వచ్చేస్తాయి. అయితే ఒప్పు జవాబు ప్రతిసారీ రెండో స్థానంలోనే ఉంటుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. అందుకని అక్షరాలు మార్చాక జవాబు పెట్టెలను జరిపి స్థానాలు మారుస్తాను. పెట్టె ఎక్కడికి జరిగినా దాని ట్రిగ్గర్ దానితోనే ఉంటుంది.

లోపాల్లో మొదటిది, ఎవరు ఏం నొక్కారో ఇది గుర్తుపెట్టుకోదు. నాలుగూ నొక్కి చివరికి ఒప్పు పట్టుకున్నవాడికీ, మొదటిసారే చెప్పినవాడికీ తేడా తెలియదు. స్కోరు కావాలంటే మ్యాక్రోలు రాసి `.pptm` గా సేవ్ చేయాలి. ఆ ఫైల్ వేరే కంప్యూటర్లో తెరిస్తే హెచ్చరికలు వస్తాయి. అందుకే నేను నొక్కకముందే చేతులెత్తించి, ఎవరెవరు ఏ జవాబు వైపు ఉన్నారో బోర్డు మీద రాసుకుంటాను.

రెండోది, ఫైల్‌ను బయటికి పంపడం. గూగుల్ స్లైడ్స్‌లో ట్రిగ్గర్ అనేదే లేదు. అక్కడ కావాలంటే ప్రతి జవాబుకు ఒక వేరే స్లైడ్ పెట్టి లింకులు కలపాలి. పది ప్రశ్నలకు యాభై స్లైడ్లు అవుతాయి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడదామని పీడీఎఫ్ చేస్తే ఇంకో సమస్య. పీడీఎఫ్‌లో యానిమేషన్ ఉండదు కాబట్టి దాచిన పెట్టెలన్నీ కనిపిస్తాయి. ఒప్పు వివరణ అన్నిటికంటే పైన ఉంది కనుక ప్రతి ప్రశ్న కిందా జవాబు అచ్చయి వెళ్తుంది. కాగితం మీద ప్రింట్ తీసినా అంతే. ఇంటికి పంపేది అయితే వివరణలు తీసేసిన కాపీ వేరుగా చేసుకోండి.

ఇక తెలుగు అక్షరాలు. వివరణలు పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోనే టైప్ చేసి, విండోస్‌తో పాటే వచ్చే `Nirmala UI` లాంటి ఫాంట్ పెట్టుకుంటే మండల కేంద్రంలో శిక్షణకు తీసుకెళ్లినా అలాగే కనిపిస్తుంది. ఫాంట్ మారితే వరుసలు పెరిగి వివరణ పెట్టెలోంచి అక్షరాలు బయటికి వస్తాయి. అందుకే ఒక్కో వివరణను రెండు వాక్యాలు దాటనివ్వను, పెట్టెలో ఒక వరుస ఖాళీ ఉంచుతాను.