ఉంగరమా, చేతి పట్టీయా? బ్యాటరీ లేని చెల్లింపుకు ఏది మేలు?

కర్నూలు దుకాణాల్లో స్వైపింగ్ మిషన్లు బిగించడం, మొరాయించినప్పుడు వెళ్లి చూడటం నా పని. మొన్న ఆదోని నుంచి వచ్చిన మా బావమరిది ఫోనులో ఒక ఉంగరం బొమ్మ చూపించాడు. చార్జింగ్ అక్కర్లేదట, వేలితో తాకితే డబ్బు పోతుందట. ఆ ధరకే చేతి పట్టీ కూడా దొరుకుతోంది. "ఏది కొనమంటావు బావా?" అన్నాడు. ఆ వెనువెంటనే అసలు కోరిక బయటపెట్టాడు: ఆ చిప్పు ఊడదీసి మన కంసాలితో బంగారు ఉంగరంలో పొదిగించుకోవచ్చా అని.

బంగారం సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ వస్తువుకు ప్రాణం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, ఏది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

మిషన్ లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు కోటీ ముప్పై అయిదు లక్షలకు పైగా సార్లు అటూ ఇటూ మారుతుంది, 13.56 మెగాహెర్ట్జ్ అంటే అదే. దాంతో మిషన్ ముందు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఉంగరంలోనూ ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. క్షేత్రం దాని గుండా పోతే తీగలో కరెంటు పుడుతుంది. పాత సైకిల్ డైనమో సూత్రమే ఇది, తిరిగే చక్రం లేదంతే. తాళం చెవి లాంటి రహస్య అంకెలు కరెంటు లేకపోయినా చిప్పులో చెరిగిపోకుండా ఉంటాయి. మిషన్ దగ్గరున్న అర సెకనులో చిప్పు మేలుకుని, ఆ ఒక్క చెల్లింపుకే పనికొచ్చే సంకేతాన్ని లెక్కగట్టి ఇచ్చి మళ్లీ పడుకుంటుంది. పడుకున్న చిప్పుకు బ్యాటరీతో పని లేదు.

జవాబు పంపడానికి సొంత శక్తి ఎక్కడిదని మా వాడు అడిగాడు. బావిలోకి దిగిన మనిషి కేక వేయకుండా తాడు లాగి పైవాళ్లకు కబురు చెబుతాడు కదా, ఇదీ అంతే. చిప్పు తన తీగచుట్ట మీద బరువును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ లాగుడు మిషన్ తీగకు తెలుస్తుంది. చిప్పు తనంతట తాను ప్రసారం చేసేది ఏమీ లేదు.

ఇప్పుడు ఉంగరానికీ పట్టీకీ తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం. పుట్టే వోల్టేజీ తీగచుట్ట వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. మామూలు కార్డు నిండా చుట్టిన తీగ లోపల దాదాపు 40 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. పట్టీలో దూర్చే చిన్న పలక రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుందనుకుంటే సుమారు 9. రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న ఉంగరానికి 3 మాత్రమే. ఈ కార్డులకు వర్తించే ప్రమాణం ప్రకారం మిషన్ కనీసం మీటరుకు 1.5 ఆంపియర్ల క్షేత్రం ఇవ్వాలి. ఆ కనీస క్షేత్రంలో ఒక్కో చుట్టుకు కార్డులో 0.64 వోల్టు, పట్టీలో 0.14, ఉంగరంలో 0.05 పుడుతుంది. ఉంగరానికి ఆరు చుట్లు వేశారనుకున్నా 0.3 వోల్టే. చిప్పుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి.

ఆ లోటును పూడ్చేది అనునాదం. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా అందించి తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. తీగచుట్టకు తగిన కెపాసిటర్ జతచేసి దాని ఊపు 13.56కు కుదిరేలా చేస్తే 0.3 వోల్టు పది రెట్లయి 3 దాకా వస్తుంది. ఉంగరం బతుకంతా ఈ కుదురు మీద ఆధారపడి ఉంటుంది. కార్డుకు అంత బెంగ లేదు, వైశాల్యమే దాన్ని కాపాడుతుంది. అందుకే కార్డును మూడు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో చూపించినా మిషన్ పట్టుకుంటుంది, ఉంగరాన్ని ఇంచుమించు ఆనించాలి.

బంగారం ఆశ కూడా ఇక్కడే చెడుతుంది. నిండుగా చుట్టుకున్న లోహపు ఉంగరం కూడా విద్యుత్తు దృష్టిలో ఒక చుట్టే, పైగా రెండు కొసలూ కలిసిపోయిన చుట్టు. క్షేత్రం తగలగానే అందులో కరెంటు గిరగిరా తిరిగి, వచ్చిన క్షేత్రానికి ఎదురు నిలుస్తుంది. లోపలున్న చిప్పు తీగకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ఊపు కూడా తప్పుతుంది. అందుకే ఈ ఉంగరాలను ఎక్కువగా జిర్కోనియా అనే పింగాణీతో చేస్తారు. తీగ, చిప్పు ఉన్న పలుచని పొరను లోపలి వైపు అతికించి రెసిన్ పోస్తారు. కంసాలి దాన్ని కోయలేడు, సాగదీయలేడు. తీగ వేలి చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కడ కోసినా తెగుతుంది. మా కర్నూలు ఎండల్లో వేళ్లు ఉబ్బుతాయి. జనవరిలో కొలత ఇచ్చి తీసుకున్న ఉంగరం మే నెలలో సబ్బు నీళ్లు లేకుండా ఊడిరాదు. కొలత మధ్యాహ్నం పూట ఇవ్వమని మా వాడికి చెప్పాను.

మాటలతో నమ్మే మనిషి కాదు కాబట్టి రాజ్‌విహార్ దగ్గర నాకు పరిచయమున్న దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడికి అలాంటి ఉంగరం ఉంది, దుకాణం యజమానికి పట్టీ ఉంది. రూపాయి బిల్లు కొట్టించాం. కుర్రాడు వేలిని మిషన్ తెర నడుమ వెల్లకిలా పెట్టాడు. మిషన్ మీది దీపాల్లో కదలిక లేదు. పిడికిలి బిగించి గుద్దినట్టు ఆనించాడు, అప్పుడూ అంతే. "ఇది ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చేయదన్నా" అన్నాడు. అందరూ చెప్పే ఫిర్యాదే ఇది.

ఒక్కోసారికి కారణం ఉంది. క్షేత్రం ఉంగరం రంధ్రం గుండా పోవాలి, సూది బెజ్జంలో దారం పోయినట్టు. మిషన్ నడుమ క్షేత్రం నిటారుగా పైకి లేస్తుంది. అక్కడ వేలిని పడుకోబెడితే అది ఉంగరం పక్క నుంచి పోతుంది కానీ రంధ్రంలోకి దూరదు. పిడికిలిలోనూ ఉంగరమున్న ఎముక మిషన్‌కు సమాంతరంగానే ఉంటుంది, కాబట్టి ఫలితం మారదు. మిషన్ తీగచుట్ట అంచు దగ్గర మాత్రం క్షేత్రం వంగి అడ్డంగా తిరుగుతుంది. వేలిని ఆ అంచుకు అడ్డంగా, ఉంగరం సరిగ్గా అంచు మీదకు వచ్చేలా పెడితే దారం బెజ్జంలో పడుతుంది. కుర్రాడి చెయ్యి పట్టుకుని తెర పై అంచుకు జరిపాను. నాలుగు పచ్చ దీపాలూ వరుసగా వెలిగి, బీప్ మని శబ్దం వచ్చింది.

ఉంగరాలన్నీ ఇలాగే ఉండవు. కొన్నిటిలో తీగను వేలి చుట్టూ కాకుండా పైభాగంలో బిళ్లలా చుడతారు. వాటికి నడుమ ఆనించడమే సరైన పద్ధతి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, అమ్మేవాళ్లలో చాలామందికి జవాబు తెలియకపోయినా.

పట్టీలో ఈ గొడవ లేదు. పలక చదునుగా ఉంటుంది, ఆ ముఖాన్ని మిషన్ వైపు తిప్పితే సరి. యజమాని మణికట్టు చూపించగానే మొదటిసారే పలికింది. పట్టీకి ఉన్న చిక్కు వేరు: మిషన్ గల్లాపెట్టె వెనుక తీగకు కట్టేసి ఉంటే మణికట్టు అక్కడిదాకా తిప్పడం కష్టం, వేలు మాత్రం ఎక్కడికైనా వెళ్తుంది. ఎండాకాలంలో రబ్బరు పట్టీ కింద చెమట పట్టి దురద పుడుతుంది. తీసి బల్ల మీద పెట్టి మరిచిపోయేది కూడా పట్టీనే. మట్టిగాజుల పక్కన వేసుకున్నా నష్టం లేదు. బంగారు గాజులు పలక మీదకు జారితే మాత్రం చదవడం కష్టమవుతుంది, కాస్త వెనక్కి తోసుకోవాలి. ఉంగరం వేలికే మరో బంగారు ఉంగరం ఉన్నా అదే తంటా.

ఏది తీసుకున్నా, పని చేయనప్పుడు తప్పు ఎక్కడుందో దీపాలను చూసి చెప్పవచ్చు. దీపాలు కదలనే లేదంటే చిప్పుకు కరెంటు అందలేదు, చోటు మార్చాలి. మొదలై మధ్యలో ఆగితే తొందరపడి చెయ్యి తీసేశారన్న మాట. నాలుగూ వెలిగి, బీప్ వచ్చి, ఆ తర్వాత తిరస్కరించినట్టు తెర మీద పడితే ఉంగరం తన పని పూర్తి చేసింది. నిల్వ లేకపోవడమో, బ్యాంకు యాప్‌లో తాకి చెల్లించే సదుపాయం ఆన్ చేయకపోవడమో కారణం. ఒకే కార్డు చూపించమని మిషన్ అడిగితే అదే చేతిలో కార్డులున్న పర్సు పట్టుకున్నారేమో చూసుకోవాలి.

దొంగతనం భయం గురించి రెండు ముక్కలు. సంకేతం ప్రతి చెల్లింపుకూ మారుతుంది కాబట్టి ఒకసారి వాడినదాన్ని పట్టుకుని మళ్లీ వాడలేరు. పోగొట్టుకుంటే మాత్రం దొరికినవాడు పిన్ లేకుండా వాడగలడు. 2021 జనవరి 1 నుంచి ఆ పరిమితి ఒక్కో చెల్లింపుకు రూ.5,000, అంతకుముందు రూ.2,000 ఉండేది. అందుకని పొదుపు ఖాతాకు ముడిపెట్టిన వస్తువు కన్నా, ముందే కొంత డబ్బు వేసుకుని వాడే రకం నాకు నచ్చుతుంది. ఇందులో పట్టీకీ ఉంగరానికీ తేడా లేదు.

మా వాడికి పట్టీ కొనమన్నాను. పత్తి మిల్లులో పనిచేసే చెయ్యి అది, గట్టిగా తగిలితే పింగాణీ పగులుతుంది. పైగా బంగారు ఉంగరాలు రెండు వేసుకుని తిరిగే మనిషి, అవి తీయడు. రోజంతా చేతులు కడుక్కునే నర్సో, ఖాళీ వేళ్లతో ఉండేవాళ్లో అడిగితే ఉంగరమే చెప్పేవాడిని. దాన్ని నీళ్లలో తడపవచ్చు, తీసి ఎక్కడా పెట్టనక్కర్లేదు. టీ కొట్లలో, కూరగాయల బండ్ల దగ్గర ఉండే క్యూఆర్ కోడ్ బోర్డు ముందు మాత్రం రెండూ ఒకటే. ఆ అట్టముక్కలో తీగచుట్ట లేదు, అక్కడ ఫోను తీయాల్సిందే.

వచ్చేముందు ఆ దుకాణంలో మిషన్ పై అంచున చిన్న ఎర్ర స్టిక్కర్ అతికించాను. కుర్రాడు ఇప్పుడు ఉంగరాన్ని తిన్నగా దాని మీదే పెడుతున్నాడట.