జాగ్రత్త: రెడీమేడ్ చెకౌట్ ఫారం కొనే ముందు దాని ఎర్రర్ మెసేజ్‌లు చదవండి

సొంతంగా ఆన్‌లైన్ షాపు నడుపుతూ, చెల్లింపుల కోసం రెడీమేడ్ చెకౌట్ ఫారం కొనాలని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేము అలాంటిదే ఒకటి కొన్నాం. డెమో చూడముచ్చటగా ఉంది, ఫోన్‌లో చక్కగా తెరుచుకుంది, తెలుగు అనువాదం కూడా ఉందన్నారు. సరిగ్గా నింపిన ఫారం ఎలా నడుస్తుందో చూశాం గానీ, ఏదైనా తేడా వస్తే అది కొనేవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో చూడలేదు. మేము చేసిన పొరపాటు అదే. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. లోపాన్ని ఎలా పట్టుకోవాలో తెలిస్తే మీరు ఎవరి దగ్గర కొన్నా పనికొస్తుంది.

విషయం బయటపడింది ఒక ఫోన్ కాల్‌తో. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, నాలుగుసార్లు కార్డు పక్కనే పెట్టుకుని చూసి చూసి కొట్టాను. తప్పు నంబరు ఇచ్చానంటోంది. నా కళ్ళే సరిగ్గా లేవేమో" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. అది విన్నాక నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. స్క్రీన్ మీద కనిపిస్తున్న మాట చదవమన్నాను. "మీరు చెల్లని కార్డు నంబరు ఇచ్చారు. సరైన వివరాలు ఇవ్వండి" అని చదివారు.

ఫోన్‌లో కార్డు నంబరు ఎవరినీ అడగకూడదు. అందుకే, "అమ్మా, నంబరు చెప్పకండి. పెట్టెలో చివరి గుంపులో ఎన్ని అంకెలు కనిపిస్తున్నాయో మాత్రం చెప్పండి" అన్నాను. కాసేపు చూసి, "ఒక్కటే ఉంది బాబూ. నేను నాలుగూ కొట్టానే!" అన్నారు.

నిజంగానే నాలుగూ కొట్టారు. కార్డు మీద నంబరు నాలుగేసి అంకెల గుంపులుగా ఉంటుంది కాబట్టి ఆవిడ కూడా మధ్యలో ఖాళీలు వదులుతూ కొట్టారు. అంకెలు 16, ఖాళీలు 3, మొత్తం 19 అక్షరాలు. ఆ ఫారం కిట్ రాసినవాళ్ళేమో ఆ పెట్టెకు `maxlength="16"` అని హద్దు పెట్టారు. పదహారో అక్షరం పడగానే పెట్టె ఇక ఏమీ తీసుకోదు. పరీక్షల కోసం వాడే `4111 1111 1111 1111` అనే నంబరును అందులో కొట్టినా, ఎక్కడినుంచో కాపీ చేసి అతికించినా మిగిలేది ఇదే:

```
4111 1111 1111 1
```

13 అంకెలే. మిగతా మూడూ చప్పుడు లేకుండా రాలిపోయాయి. కొట్టేవాళ్ళ చూపు కార్డు మీద ఉంటుంది కాబట్టి అది కంటపడదు. అంకెలు మింగింది ఫారం, మాట పడింది ఆవిడ. పైగా ఆ హద్దు మరో రకంగానూ తప్పే. అన్ని కార్డులకూ 16 అంకెలు ఉండవు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుకు 15, కొన్ని రకాలకు 19 దాకా ఉంటాయి.

దీన్ని సరిచేయడానికి పెద్ద పనేం లేదు. ఆ `maxlength` తీసేసి, ఖాళీలనూ గీతలనూ ఫారమే తీసేసేలా ఒక వరుస రాశాం:

```js
const digits = card.value.replace(/[\s-]/g, "");
```

అంకెలు కానివన్నీ తీసేసే `/\D/g` రాస్తే ఇంకా తేలిక కదా అని మా కుర్రాడు అడిగాడు. అలా చేస్తే సున్నాకు బదులు ఎవరైనా ఇంగ్లీషు O అక్షరం కొట్టినప్పుడు అది కూడా మాయమై, మళ్ళీ అంకెలు తగ్గిన సమస్యే వస్తుంది. అక్షరం ఉంటే ఉందని వాళ్ళకు చెప్పాలి, దాచకూడదు.

ఆ తర్వాత మాటలు మార్చాం. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ "చెల్లని" అన్న మాట. ఇంగ్లీషులోని ఇన్‌వాలిడ్‌ను చూసి ఎవరో అలా దించేశారు. తెలుగులో చెల్లనిది అంటే చెల్లని నోటు, చెల్లని కాసు. "చెల్లని కార్డు" అని చదివినవాళ్ళకు తమ కార్డే పనికిరాకుండా పోయిందేమో, బ్యాంకులో ఏదో జరిగిందేమో అని టెన్షన్ మొదలవుతుంది. "మీరు ఇచ్చారు" అన్నది రెండో తప్పు. ఎవరు చేశారో చెప్పకుండా, ఏం కావాలో చెప్పడానికి తెలుగు వాక్యం హాయిగా ఒదుగుతుంది. ఇప్పుడు మా ఫారంలో ఇలా ఉంది: "13 అంకెలు వచ్చాయి. కార్డు మీద ఉన్న అంకెలన్నీ పడ్డాయో లేదో చూడండి. మధ్యలో ఖాళీలు ఉన్నా పరవాలేదు." అంకెలన్నీ ఉండి లెక్క కుదరనప్పుడు ఇంకో మాట: "ఏదో ఒక అంకె మారినట్టుంది. కార్డుతో ఒకసారి పోల్చి చూడండి."

లెక్క కుదరడం అంటే లూన్ పరీక్ష. కార్డు నంబరులో చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టి పెట్టినది కాబట్టి, ఒక అంకె మారినా బ్యాంకు దాకా వెళ్ళకుండానే ఫారంకు తెలిసిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది, 09 బదులు 90 పడితే మాత్రం దొరకదు. అయితే ఏ అంకె తప్పో దానికి తెలియదు. అందుకే మా వాక్యంలో "మారినట్టుంది" అని ఉంది. ఫారంకు ఎంత తెలుసో అంతే చెప్పాలి.

ఇంకో చిన్న సంగతి. ఆ కిట్ మొదటి అంకె కొట్టగానే ఎర్రగా "చెల్లదు" అని అరిచేది. పూర్తిగా కొట్టనివ్వకుండానే తప్పు పట్టడం అది. ఇప్పుడు పెట్టె దాటి బయటికి వెళ్ళాకే సరిచూస్తోంది.

ఇక్కడిదాకా జరిగింది చిరాకు మాత్రమే. కొనేవాళ్ళ డబ్బుకే చేటు తెచ్చింది దీని తర్వాతిది.

బ్యాంకు చెల్లింపును కాదన్నప్పుడు దానితోపాటు ఒక కోడ్ పంపుతుంది. ఐఎస్ఓ 8583 అనే ప్రమాణంలో 51 అంటే ఖాతాలో డబ్బు చాలలేదు, 54 అంటే కార్డు గడువు దాటింది, 91 అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు సిస్టమ్ అందుబాటులో లేదు, 05 అంటే కారణం చెప్పకుండా బ్యాంకు వద్దంది. షాపుకూ బ్యాంకుకూ మధ్య చెల్లింపును నడిపే గేట్‌వేలు వీటికి తమ సొంత పేర్లు పెట్టినా, ఈ తేడాలు మనదాకా వస్తాయి. మేము కొన్న కిట్ వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, "మీ కార్డు వివరాలు తప్పు. సరిచూసుకుని మళ్ళీ ప్రయత్నించండి" అని చూపించేది. 91 వచ్చినప్పుడు కొనే మనిషి చేయగలిగింది ఏముంది? తప్పు లేనిచోట తప్పు వెతుక్కుంటూ సరైన నంబరును మార్చుకుంటూ కూర్చుంటారు. ఇప్పుడు 91కి "మీ బ్యాంకు సిస్టమ్ నుంచి జవాబు రాలేదు. మీ వివరాల్లో తప్పేమీ కనబడలేదు. కాసేపాగి చూడండి, లేదా వేరే కార్డు వాడండి" అని వస్తుంది. 05కి "బ్యాంకు ఒప్పుకోలేదు, కారణం మాకు చెప్పలేదు. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే వాళ్ళే చెప్తారు" అని వస్తుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. 41, 43 కోడ్‌లు పోయిన కార్డుకూ దొంగిలించిన కార్డుకూ వస్తాయి. ఆ సంగతి స్క్రీన్ మీద చెప్తే కార్డు కొట్టేసినవాడికి మనమే కబురు పంపినట్టు అవుతుంది. ఆ రెండింటికీ 05 మాటే చూపించండి.

జవాబే రాకపోతే? అసలు దెబ్బ అక్కడ తగిలింది. గేట్‌వే ఆలస్యం చేసినప్పుడు కిట్ తన గడువు అయిపోగానే "చెల్లింపు విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి" అనేసేది. కానీ అప్పటికే డబ్బు కట్ అయి ఉండవచ్చు. ఒకరు ఆ మాట నమ్మి మళ్ళీ నొక్కారు. ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు పోయింది. మేము వెంటనే రీఫండ్ చేసినా, అది వాళ్ళ ఖాతాలో పడేదాకా ఆ టెన్షన్ వాళ్ళు మోశారు. తెలియనిదాన్ని విఫలం అని రాయడం వల్ల వచ్చిన నష్టం ఇది. ఇప్పుడు ఆ సందర్భంలో "డబ్బు కట్ అయిందో లేదో ఇంకా తెలియలేదు. దయచేసి మళ్ళీ చెల్లించకండి. మేమే కనుక్కుని ఈ పేజీలోనూ మెయిల్‌లోనూ చెప్తాం" అని వస్తుంది. మాట ఒక్కటే మారిస్తే చాలదు. వెనక మా సర్వర్ ఆర్డర్ నంబరు పట్టుకుని గేట్‌వేను అడుగుతుంది. జవాబు తేలేదాకా ఒక ఆర్డరుకు ఒకే ఐడెంపొటెన్సీ కీ, అంటే ఆ చెల్లింపును గుర్తుపట్టే ఒకే గుర్తు, పంపుతున్నాం కాబట్టి, ఎవరైనా కంగారులో రెండోసారి నొక్కినా గేట్‌వే దాన్ని పాత చెల్లింపుగానే గుర్తిస్తుంది. మీ గేట్‌వేలో ఆ సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి.

కొనే ముందు డెమోలో ఒక అరగంట ఈ పని చేయండి. పరీక్ష నంబరును ఖాళీలతో అతికించండి, చివరి అంకెలు మిగిలాయో లేదో చూడండి. ఒక అంకె మార్చి ఏమంటుందో చదవండి. గేట్‌వేల టెస్ట్ మోడ్‌లో రకరకాల తిరస్కారాలు తెప్పించే నంబర్లు ఇస్తారు. వాటిని ఒక్కొక్కటీ వేసి, పోయిన, దొంగిలించిన కార్డులవి తప్ప ప్రతిదానికీ వేరే మాట వస్తోందా అని చూడండి. చెల్లించు బటన్ నొక్కిన మరుక్షణం నెట్ ఆపేయండి. అప్పుడు "విఫలమైంది" అని ఖరాఖండిగా అంటే ఆ కిట్ జోలికి వెళ్ళకండి. మెసేజ్‌లన్నీ మార్చుకోవడానికి వీలుగా ఒకేచోట ఉన్నాయా అని కూడా రాతపూర్వకంగా అడగండి. కార్డు పెట్టె గేట్‌వే వాళ్ళ ఐఫ్రేమ్‌లో, అంటే మీ పేజీలోనే వాళ్ళు నడిపే చిన్న కిటికీలో, ఉంటే లోపలి మాటలు మీ చేతిలో ఉండకపోవచ్చు.

అమ్మినవాళ్ళకు ఇదంతా రాశాను. "యూజర్లు ఖాళీలు లేకుండా కొట్టాలని సహాయ పేజీలో ఉంది" అని జవాబిచ్చారు. రీఫండ్ ఇవ్వలేదు. పైగా తర్వాత వచ్చిన అప్‌డేట్ మేము సరిచేసిన మాటలను తుడిచేసి, పాత "చెల్లని"ని మళ్ళీ తెచ్చి పెట్టింది. అప్పటినుంచి మా మెసేజ్‌లను వేరే ఫైల్‌లో ఉంచుకుంటున్నాం. అప్‌డేట్ వేసిన ప్రతిసారీ, షాపు తెరవకముందే `4111 1111 1111 1111` అతికించి చివరి గుంపులో నాలుగు అంకెలూ ఉన్నాయో లేదో చూస్తున్నాను.