పనిముట్ల నీడలు గీసిన బోర్డు: ఆరేళ్లు వాడాక

అనంతపురం శివార్లలో మా ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు ఉంది. మా బోరు మోటారు, స్టార్టర్ బాక్సు, మందు కొట్టే స్ప్రేయర్, చుట్టుపక్కల వాళ్లు తెచ్చిచ్చే చిన్నా చితకా రిపేర్లు చాలావరకు అందులోనే చేస్తాను. మొదట్లో సామాన్లన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఏదైనా పోయిందని దానితో అవసరం పడిన రోజే తెలిసేది. అప్పటికి అది పోయి ఎన్నాళ్లయిందో, ఎక్కడ పోయిందో చెప్పలేకపోయేవాణ్ణి. ఆరేళ్ల కిందట గోడకు ఒక బోర్డు కొట్టి, ఒక్కో పనిముట్టు వెనక దాని ఆకారం గీసి, అక్కడే తగిలించడం మొదలుపెట్టాను. విమానాల మెయింటెనెన్స్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇంజన్‌లో స్పానర్ మర్చిపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి, పని ముగిశాక ఖాళీ ఆకారం కనిపిస్తే అది దొరికేదాకా విమానాన్ని వదలరు.

నాలుగడుగుల చదరం, 18 ఎం.ఎం. ప్లైవుడ్ తీసుకున్నాను. 12 ఎం.ఎం. చవకే గానీ పైపు రెంచ్ బరువుకు మేకులు వదులైపోతాయి. మా గోడ రాతిది, ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ దిగదు. అందుకే రాళ్ల మధ్య అతుకుల్లో ప్లగ్గులు కొట్టి, ముందు రెండు చెక్క రీపర్లు బిగించి, వాటి మీద బోర్డు పెట్టాను. వెనక అంగుళం సందు ఉండడం మంచిదే. స్క్రూ మొనలు బయటికొచ్చినా గోడకు తగలవు.

మొదటిసారి చేసిన తప్పు గీత దగ్గరే జరిగింది. తెల్ల రంగు వేసి, పనిముట్టు పెట్టి, దాని చుట్టూ నల్ల మార్కర్‌తో గీశాను. దగ్గర నుంచి చూస్తే బాగానే ఉంది. కానీ పనిముట్టు ఉన్నా చుట్టూ గీత కనిపిస్తుంది, లేకపోయినా అదే గీత కనిపిస్తుంది. తలుపు దగ్గర నిలబడి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. పైగా మా ఊరి దుమ్ముకు, కిరోసిన్ గుడ్డతో తుడవడానికి మార్కర్ గీతలు రెండు నెలల్లో మాసిపోయాయి. అప్పుడు గీత లోపలంతా ఎర్ర ఎనామిల్ రంగు నింపాను. ఆకారాన్ని పనిముట్టు కంటే కొంచెం, అంటే రెండు మూడు ఎం.ఎం. లోపలికి తగ్గించాను. ఇప్పుడు పనిముట్టు తగిలిస్తే ఎరుపు మొత్తం దాని వెనక దాక్కుంటుంది. తీస్తే సుత్తి ఆకారమో, కటింగ్ ప్లేయర్ ఆకారమో నిండు ఎరుపుగా బయటపడుతుంది. లైటు వేసిన క్షణంలోనే కన్ను అక్కడికి పోతుంది. ఈ ఆరేళ్లలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ ఒక్క మార్పే.

రంగు వేసే ముందు ఒక ఓపిక పని ఉంది. పనిముట్లను పాత పేపరు మీద పెట్టి గీసి, కత్తిరించి, ఆ ముక్కలను బోర్డుకు టేపుతో అంటించి రెండు వారాలు అలాగే వాడాను. టెస్టర్, స్క్రూడ్రైవర్ల కోసం రోజూ పైకి చెయ్యి చాపాల్సి వస్తోందని అప్పుడే తెలిసింది. వాటిని కిందికి తెచ్చి, ఏడాదికి రెండుసార్లు వాడే పైపు రెంచ్‌ను పైకి పంపాను. నేరుగా రంగు వేసేసి ఉంటే మొత్తం గీకి మళ్లీ చేయాల్సి వచ్చేది.

స్పానర్ల వరస మాత్రం చాలా రోజులు నన్ను మోసం చేసింది. డబుల్ ఎండ్ సెట్టులో 12-13కూ, 14-15కూ పొడవులో తేడా కొంచెమే. 14-15 తెచ్చి 16-17 చోట పెడితే ఎరుపు అంచు సన్నగా కనిపిస్తుందంతే, కన్ను పట్టుకోదు. ప్రతి ఆకారంలో నంబరు రాసినా అది స్పానర్ వెనకే ఉంటుంది కదా, తీస్తేనే కనబడుతుంది. చివరికి ఎనిమిది స్పానర్లనూ సరైన వరసలో పెట్టి, వాటి కాడల మీదుగా ఎడమ పై నుంచి కుడి కిందికి ఒకే ఏటవాలు పసుపు గీత గీశాను. ఏ రెండు తారుమారైనా గీత అక్కడ విరిగిపోతుంది. నూనె చేతులకు ఆ పసుపు అరుగుతుంది, ఏడాదికోసారి మళ్లీ వేయాలి. అయినా నంబర్ల కంటే ఇదే నమ్మకం.

బోర్డు విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక కరెంటు కోత రాత్రి. సాయంత్రం తోటలో ఆటో స్టార్టర్ బాక్సు తెరిచి, కాలిన వైరు కోసి, టెర్మినల్ నట్లు బిగించి, మోటారు తిరగడం చూడకుండానే ఇంటికొచ్చాను. అప్పటికి త్రీఫేజ్ లేదు. అలసిపోయి, సంచిలో ఉన్నవి ఉన్నట్టు తగిలిస్తుంటే 10-11 స్పానర్ చోట ఎరుపు మిగిలింది. సంచి దులిపాను, బైక్ డిక్కీ చూశాను, లేదు. తెల్లవారుజామున కరెంటు వస్తే ఆటోలో ఉన్న మోటారు దానంతటదే స్టార్ట్ అవుతుంది. టార్చి పట్టుకుని పోయి, ముందు మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, బాక్సు తెరిస్తే స్పానర్ అడుగున, ఓవర్‌లోడ్ రిలే టెర్మినళ్ల కిందనే పడి ఉంది. కాంటాక్టర్ కొట్టుకున్నప్పుడు ఆ అదురుకు జరిగి రెండు ఫేజుల మధ్య పడితే బాక్సు కాలిపోయేది. ఎదురుగా ఎవరైనా నిలబడి ఉంటే ఇంకా పెద్ద ప్రమాదం. రేకు పెట్టె రోజుల్లో ఆ స్పానర్ లేదన్న సంగతి నాకు నెల తర్వాత గానీ తెలిసేది కాదు.

కానీ ఆ రోజే బోర్డుకున్న లోటు కూడా బయటపడింది. బోర్డు ఇంట్లో ఉంటుంది, పని తోటలో జరుగుతుంది. నాలుగు కిలోమీటర్లు వచ్చాక తెలుసుకోవడం ఆలస్యమే. అప్పటినుంచి సంచి సర్దాక బోర్డును ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని బయల్దేరుతున్నాను. అందులో ఎర్రగా కనిపించేవన్నీ నా సంచిలో ఉండాలి. పని అయ్యాక, బాక్సు మూత వేయకముందే, ఫోటో చూస్తూ ఒక్కొక్కటీ గుడ్డ మీద పరుస్తాను. రెండు నిమిషాల పని.

ఇంకో లోటు పెట్టెల్లో వచ్చే సామాన్లది. సాకెట్ సెట్టు డబ్బా ఆకారం గీసి డబ్బానే పెట్టాను. డబ్బా చోట డబ్బా ఉంది, ఎరుపు లేదు, అంతా ఉన్నట్టే. లోపల 13 సాకెట్ పోయి ఎన్నాళ్లయిందో తెలియలేదు. ఇప్పుడు సాకెట్లను డబ్బాలోంచి తీసి, ఒక చెక్క పట్టీకి గుబ్బలు పెట్టి వాటికి తొడిగాను. డ్రిల్ బిట్లు కూడా బెజ్జాలు చేసిన చెక్క దిమ్మెలోనే.

అప్పు తీసుకుపోయే వాళ్ల కోసం సోడా మూతలకు రంగు వేసి, ఒక్కో దాని మీద ఒక్కో పేరు రాసి పెట్టుకున్నాను. పక్కింటి మామ హ్యాక్సా తీసుకుంటే ఆయన మూత ఆ ఎర్ర ఆకారం మీద వేలాడుతుంది. మొదట్లో ఆయనకు నచ్చలేదు. "ఏమప్పా, నా పేరు గోడకు వేస్తివే" అన్నాడు. "నువ్వు తెచ్చిచ్చినావో లేదో నేను మర్చిపోకుండా మామా" అన్నాను. ఇప్పుడు ఆయనే మూత తగిలించి తీసుకుపోతాడు. మూత లేని ఎరుపు అంటే వెతకాలి, మూత ఉన్న ఎరుపు అంటే అడగాలి.

మళ్లీ కడితే ఒకటి మారుస్తాను. అప్పుడు బోర్డు మొత్తం నింపేశాను, కొత్తగా కొన్న గ్రైండర్ స్పానరుకూ, మల్టీమీటరుకూ చోటు లేక అవి బల్ల మీదే తిరుగుతున్నాయి. ఈసారి కనీసం పావు వంతు ఖాళీగా వదులుతాను. పడమటి కిటికీ ఎదురుగా కూడా పెట్టను. ఆ ఎండకు కింది వరస ఎరుపు గులాబీ రంగులోకి దిగింది. ఉగాదికి ముందు ఆ వరస గీకి కొత్త రంగు వేయాలి.