మహిళా స్టేషన్‌లో కౌన్సెలింగా, నేరుగా ఎఫ్ఐఆరా, డీవీ కేసా? చెన్నైలో ఏది మేలు

మా పిన్ని కూతురు వేళచ్చేరిలో ఉంటుంది, పెళ్లయి నాలుగేళ్లు. పోయిన ఏడాది ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి "అక్కా, కింద వాచ్‌మన్ గది దగ్గర కూర్చున్నా, వచ్చి తీసుకెళ్తావా" అంది. వెళ్లేసరికి ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. తలుపు వేసేటప్పుడు మధ్యలో చెయ్యి పెట్టి అడ్డుకుంటే అలాగే నొక్కేశాడట. అంతకు ముందు రెండుసార్లు చెంపదెబ్బలు తిన్నది, అమ్మకి చెప్పలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన 22 సవర్ల బంగారం ఎక్కడుందో కూడా దానికి తెలియదు, తాకట్టులో ఉందని తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి నెల్లూరు నుంచి పిన్నీ బాబాయీ వచ్చారు. బాబాయి "స్టేషన్ వద్దమ్మా, పెద్దల్లో కూర్చుని మాట్లాడదాం" అంటాడు. తమ్ముడు "అందరి మీదా 498ఏ పెట్టి లోపలేయిద్దాం" అంటాడు. ఆ రెండింటికీ మధ్య ఏముందో మాలో ఎవరికీ తెలియదు. తర్వాత నేను తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న మన తెలుగువాళ్ల ఇళ్ల నుంచి ఇప్పటికి ముగ్గురు నన్ను అడిగారు.

ముందు ఒక మాట. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టే కేసును 498ఏ అని అందరం అంటున్నా, 2024 జూలై 1 నుంచి జరిగిన వాటికి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. క్రూరత్వం అంటే ఏమిటో 86వ సెక్షన్ చెబుతుంది. శిక్ష మారలేదు, మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

చెన్నైలో చాలామంది మొదట చేరేది మహిళా పోలీస్ స్టేషన్‌కే. అక్కడ కంప్లయింట్ ఇస్తే వెంటనే ఎఫ్ఐఆర్ రాయరు, చాలాసార్లు సీఎస్ఆర్ అని ఒక రసీదు ఇస్తారు. చిన్న కాగితం, మీద నంబరు, తేదీ, ఇచ్చినవాళ్ల పేరు, విషయం ఒక్క ముక్కలో. కంప్లయింట్ అందింది, విచారిస్తున్నాం అని దానర్థం, అంతే. మా చెల్లి ఆ కాగితం పట్టుకుని "కేసు పెట్టేశానక్కా" అంది. కేసు ఇంకా లేదు. చెన్నైలో కొత్తగా ఉన్న మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తమిళం చదవడం రాకపోతే సీఎస్ఆర్ ఏదో, ఎఫ్ఐఆర్ ఏదో తేడా తెలియదు, ఆరు నెలలు "కేసు నడుస్తోంది" అనుకుంటూ గడిపేస్తారు.

స్టేషన్‌వాళ్లు ఇలా చేయడం పూర్తిగా తప్పని కూడా అనలేం. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, నేరం కనబడితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని చెబుతూనే, భార్యాభర్తల గొడవల్లో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. దానికి గడువుంది, మామూలుగా 15 రోజులు, కారణం చెప్పగలిగితే ఆరు వారాలు. పోలీసు విచారణ ఎలా సాగాలో చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో కూడా మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ఆ విచారణ ముగించాలని ఉంది. అంటే ఈ విచారణ పేరుతో స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ అనేది కేసుకు బదులు కాదు, కేసు రాయాలా వద్దా తేల్చుకునే ముందు ఉన్న కొద్ది వారాలు. దాన్ని అలా వాడుకుంటేనే పనికొస్తుంది.

పద్ధతిగా జరిగితే ఇద్దరినీ విడివిడిగా వింటారు, అమ్మాయి మాట్లాడేటప్పుడు అత్తగారు గదిలో ఉండకూడదు, తర్వాత కలిపి కూర్చోబెడతారు, ఏం ఒప్పుకున్నారో తేదీలతో రాసి ఇద్దరికీ కాపీ ఇస్తారు, తర్వాతి తేదీ చెబుతారు. మాకు మొదటి రోజు అతను వాళ్లమ్మతో వచ్చాడు, 15 రోజుల్లో బంగారం విడిపించి ఇస్తానని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. రెండో తేదీకి ఒక్కడే వచ్చి ఇంకో వారం అడిగాడు. మూడో తేదీకి రాలేదు. ఆ తెల్లకాగితాన్ని అమలు చేయించే అధికారం ఎవరికీ లేదు, అది కోర్టు ఆర్డర్ కాదు. రేపు సాక్ష్యంగా చూపించుకోవచ్చు, అంతవరకే.

గాడి తప్పుతోందని తెలుసుకోవడం కష్టం కాదు. రసీదు ఇవ్వకపోవడం, తర్వాతి తేదీ చెప్పకపోవడం, "నువ్వే కాస్త సర్దుకోమ్మా" అని ఒకరికే చెప్పడం. అన్నిటికంటే ప్రమాదం, "ఇక ఏ చర్యా అక్కర్లేదు" అని రాసి ఆ సాయంత్రమే అమ్మాయిని అతనితో పంపేయడం. దానిమీద మాత్రం సంతకం పెట్టొద్దు. ఎందుకంటే మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు కోర్టు కేసు స్వీకరించడానికి కూడా మూడేళ్ల గడువుంది, తిప్పుతూ తిప్పుతూ ఆ కాలం కరిగిపోతుంది.

కూర్చుని మాట్లాడుకోవడమే కావాలనుకుంటే స్టేషన్ కంటే హైకోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ వాళ్ల దగ్గర కేసుకు ముందే మీడియేషన్ అడగడం మేలని నా అభిప్రాయం. 2013లోనే శ్రీనివాసరావు, దీప దంపతుల కేసులో (మన తెలుగువాళ్ల కేసే, హైదరాబాద్ నుంచి వెళ్లింది) కేసులు ముదరకముందే మీడియేషన్ కేంద్రాలు ఇలాంటి గొడవల కోసం హెల్ప్ డెస్కులు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ మాట్లాడింది బయటకు పోదు, ఎదురుగా యూనిఫాం ఉండదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకోవచ్చు, అప్పుడది సివిల్ డిక్రీలా అమలవుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్ ఉచితం. కానీ అతను వస్తేనే ఇదంతా, రమ్మని బలవంతం చేయలేరు.

ఇక ఎఫ్ఐఆర్. తమ్ముడు అనుకున్నట్టు ఎఫ్ఐఆర్ రాయగానే ఎవరినీ లోపలేయరు. 2014 జూలైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగా చెప్పింది. అరెస్టు చేయాలంటే మళ్లీ కొడతాడనో, సాక్ష్యం మాయం చేస్తాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, పారిపోతాడనో పోలీసు కారణం రాయాలి, మేజిస్ట్రేటు ఆ కారణాలు చూసి సంతృప్తి పడితేనే రిమాండ్ ఇవ్వాలి. లేదంటే కేసు రాసిన రెండు వారాల్లోపు హాజరవమని నోటీసు ఇవ్వాలి. ఒకప్పుడు దాన్ని 41ఏ నోటీసు అనేవాళ్లు, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3). పిలిచినప్పుడల్లా వెళ్లినంత కాలం, ప్రత్యేక కారణం రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. పిలిస్తే వెళ్లకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, మగపిల్లల తల్లిదండ్రులు కూడా ఇది తెలుసుకోవాలి.

కంప్లయింట్‌లో ఏం రాశామన్నదే అన్నిటికంటే ముఖ్యం. బంధువొకాయన రాసిచ్చిన మొదటి కాగితంలో ఏడుగురి పేర్లున్నాయి. భర్త, అత్త, మామ, హైదరాబాద్‌లో ఉండే ఆడపడుచు, ఆమె భర్త, అమెరికాలో ఉన్న బావగారు, ఒక మేనత్త. "అందరూ కలిసి వేధించారు" అని ఒకే వాక్యం. లాయరమ్మ చదివి, "ఆడపడుచు ఏ రోజు ఏమంది?" అని అడిగింది. చెల్లి కాసేపు ఆలోచించి "ఆమె నన్నేమీ అనలేదండీ" అంది. లాయరమ్మ ఎర్ర పెన్నుతో ఐదు పేర్లు కొట్టేసింది. 2024 డిసెంబరులో దారా లక్ష్మీనారాయణ కేసులో (ఇదీ తెలంగాణ నుంచి వెళ్లిందే) తేదీ, సంఘటన లేకుండా కుటుంబం మొత్తాన్ని లాగిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊరికే పేర్లు చేర్చితే పోయేది ఆ ఐదుగురి మీద కేసు ఒక్కటే కాదు, అమ్మాయి నిజంగా పడిన బాధ మీద నమ్మకం కూడా. మిగిలిన రెండు పేర్ల కింద తేదీలు, మెసేజులు, తాకట్టు చీటీ ఫొటో, ఆ మర్నాడు గవర్నమెంటు ఆసుపత్రిలో రాయించిన ఏఆర్, అంటే గాయం వివరాలు రాసే యాక్సిడెంట్ రిజిస్టర్ కాపీ పెట్టాం. ఆ ఆసుపత్రి కాగితం ఆ రోజే తీసుకోకపోతే తర్వాత రాదు.

ఎఫ్ఐఆర్‌కి ఒక పరిమితి కూడా ఉంది. తమిళనాడులో దీన్ని కింది కోర్టులో రాజీ చేసుకోలేం, ఇద్దరూ ఒప్పుకున్నా హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి. అందుకే బెదిరించడానికి పెట్టే కేసు కాదిది. ఇంకోటి, ఎఫ్ఐఆర్ వల్ల ఉండడానికి ఇల్లు రాదు, నెల ఖర్చులు రావు.

అవి కావాలంటే 2005 గృహహింస చట్టం, అందరూ డీవీ కేసు అనేది. మేజిస్ట్రేటు కోర్టులో 12వ సెక్షన్ కింద అర్జీ పెడితే ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా, నెలకింత ఇవ్వమని, నగలు తిరిగివ్వమని అడగవచ్చు, కేసు తేలకముందే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. చట్టంలో మొదటి విచారణ మూడు రోజుల్లో, మొత్తం 60 రోజుల్లో అని ఉంది, నిజంగా అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. అయినా అతను రక్షణ ఉత్తర్వు మీరితే అదే ఒక నేరమవుతుంది. ఎఫ్ఐఆర్ ఉన్నా ఇది పెట్టుకోవచ్చు.

ఈ మధ్య ఇంకొకటి కలిసింది. ఎఫ్ఐఆర్ తర్వాత రెండు నెలలు అరెస్టు లేకుండా కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలన్న అలహాబాద్ హైకోర్టు పద్ధతిని 2025 జూలైలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటి కమిటీలనే 2018లో అదే సుప్రీంకోర్టు వద్దంది. నాకైతే ఆ రెండు నెలల నిరీక్షణ గాయంతో వచ్చిన అమ్మాయికి న్యాయంగా అనిపించదు. చెన్నైలో మీ కేసుకు ఏది వర్తిస్తుందో లాయర్‌ని అడగండి.

నన్నడిగితే, దెబ్బలుంటే, ప్రాణభయముంటే కౌన్సెలింగ్ మెట్టే వద్దు, నేరుగా ఎఫ్ఐఆర్. నెల్లూరులో పుట్టింట్లో తలదాచుకున్నా అక్కడే పెట్టవచ్చు, 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బల్లేకుండా మాటలతో, డబ్బుతో సతాయింపైతే, అతను మాట వినే మనిషైతే మీడియేషన్, అది కుదరకపోతే స్టేషన్‌లో సీఎస్ఆర్ తీసుకుని ఆరు వారాలు చూడండి, ఏడో వారం ఎఫ్ఐఆర్ అడగండి. డబ్బూ ఇల్లూ సమస్యైతే ఏ దారి పట్టినా పక్కన డీవీ ఉండాలి. మేం కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టి ఐదు వారాలు పోగొట్టుకున్నాం, ఆ మణికట్టు చూశాక అలా చేయకుండా ఉండాల్సింది.

మూడో తేదీ దాటాక ఎఫ్ఐఆర్ రాశారు, అతనికి నోటీసు వెళ్లింది, పిలిచినప్పుడల్లా వస్తున్నాడు, అరెస్టు లేదు. డీవీలో మధ్యంతర ఉత్తర్వు వచ్చాక తాకట్టు విడిపించి నగలు కోర్టులో అప్పగించాడు. లెక్క చూస్తే 19 సవర్లు ఉన్నాయి, మిగతా మూడింటి కోసం పెళ్లినాటి కొట్టు బిల్లు వెతుకుతున్నాం.