డ్రైవ్ మోటార్లకు గ్రౌండింగ్ రింగ్ కొనేవాళ్లు జాగ్రత్త: బిగించడం చూడకుండా డబ్బులు ఇవ్వకండి

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో బాయిలర్ ఐడీ ఫ్యాన్లకు ఇప్పుడు చాలామంది వీఎఫ్‌డీ, అంటే మోటార్ స్పీడు మార్చే డ్రైవ్, పెట్టిస్తున్నారు. మేమూ పెట్టించాం, కరెంటు బిల్లు తగ్గిన మాట నిజమే. ఈ పోస్టు డ్రైవ్ వద్దని చెప్పడానికి కాదు. డ్రైవ్, మోటార్, బేరింగ్‌ను కాపాడే గ్రౌండింగ్ రింగ్ మూడూ ఒకే దగ్గర కొంటే ఆ డీలర్ మాకు ఏం అంటగట్టాడో చెప్పడానికి.

మోటార్ 40 హెచ్‌పీ, 4 పోల్, బేరింగ్ 6312. పాత మోటార్ స్టార్ డెల్టా మీద ఏళ్లకేళ్లు బేరింగ్ గొడవ లేకుండా తిరిగింది. డ్రైవ్‌తో కొత్త మోటార్ పెట్టాక సీజన్ కూడా గడవకముందే లోడ్ మీద ఒక రకమైన ఏడుపు శబ్దం మొదలైంది, ఫ్రీక్వెన్సీ మారిస్తే శబ్దం కూడా మారేది. డీలర్ మనిషి వచ్చి చెయ్యి పెట్టి చూసి "గ్రీజు ఎక్కువైంది సార్, బెల్టు టైట్ ఉంది" అని చెప్పి వెళ్లిపోయాడు. బేరింగ్ మార్చాం, మళ్లీ అదే.

రెండోసారి విప్పినప్పుడు మా వైండింగ్ మేస్త్రీతో పాత బేరింగ్‌ను గ్రైండర్ పెట్టి కోయించాను. మీరు కూడా పోయిన బేరింగ్‌ను పారేసే ముందు తప్పకుండా కోయించండి, అసలు సంగతి అందులోనే ఉంటుంది. గ్రీజు మాడినట్టు నల్లగా ఉంది. బయటి రేస్‌లో బంతులు తిరిగే దారి మెరవాల్సింది పోయి బూడిద రంగుకు వచ్చింది, దాని మీద అడ్డంగా, సమాన దూరంలో గీతలు, అచ్చం మన షెడ్డు రేకు ముడతల్లాగా. దీన్నే ఫ్లూటింగ్ అంటారు. గ్రీజు తక్కువైతేనో, బెల్టు బిగువైతేనో ఇలా రాదు. ఒక్కటి మాత్రం గమనించండి: ఆగి ఉన్న మోటార్‌కు పక్క మెషిన్ల అదురు తగిలినా రేస్ మీద మచ్చలు పడతాయి, కానీ అవి బంతికీ బంతికీ ఎంత ఎడం ఉందో అంత దూరంలోనే పడతాయి. ఫ్లూటింగ్ గీతలు అంతకన్నా చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ తేడా తెలిస్తే డీలర్ మిమ్మల్ని మాటలతో తిప్పలేడు.

ఇది ఎందుకొస్తుందంటే, లైన్ కరెంటులో మూడు ఫేజులు కలిపితే ఎప్పుడు చూసినా సున్నానే. డ్రైవ్ అలా ఇవ్వదు. 415 వోల్టులను ముందు సుమారు 580 వోల్టుల డీసీ చేసి, దాన్ని సెకనుకు వేలసార్లు కోసి మోటార్‌కు పంపుతుంది. ఏ క్షణంలో చూసినా ఒక్కో ఫేజు అయితే ప్లస్సులో, లేకపోతే మైనస్సులో ఉంటుంది కాబట్టి మూడూ కలిపితే సున్నా కాదు. ఆ మిగులును కామన్ మోడ్ వోల్టేజ్ అంటారు. అందులో కొంత వైండింగ్ నుంచి గాలి సందు దాటి, కెపాసిటర్‌లో లాగా, రోటర్ మీదికి ఎక్కుతుంది. షాఫ్ట్ మీద అలా చేరిన వోల్టేజ్ ఎటైనా దిగిపోవాలి కదా. బంతులు తిరిగేటప్పుడు పలచటి ఆయిల్ పొర మీద తేలుతుంటాయి, ఆ పొర కాసేపు ఆపుతుంది, వోల్టేజ్ పెరిగేసరికి పొర తెగి చిన్న స్పార్క్ వస్తుంది. టూల్ రూముల్లో ఈడీఎం మెషిన్ ఇనుమును స్పార్కులతో తినేసినట్టే ఇక్కడ రేస్ కరిగి, కంటికి కనపడని గుంటలు పడతాయి. రాత్రీ పగలూ ఒకే స్పీడులో తిరిగే ఫ్యాన్‌లో అవే గుంటలు పోనుపోను ముడతలవుతాయి.

"మీకు ఇచ్చింది ఇన్వర్టర్ డ్యూటీ మోటార్ సార్, ఏమీ కాదు" అన్న మాటే అసలు మోసం. ఆ పేరు ప్రధానంగా వైండింగ్ ఇన్సులేషన్ గురించి. బేరింగ్‌కు రక్షణ ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు, కొటేషన్‌లో విడిగా రాసి ఉండాలి.

కోసిన బేరింగ్ చూపించి గట్టిగా అడిగితే అప్పుడు గ్రౌండింగ్ రింగ్ అమ్మాడు, మంచి రేటుకే. రింగ్ లోపలి అంచు చుట్టూ సన్నటి కార్బన్ పీచు ఉంటుంది, అది షాఫ్ట్‌ను తాకుతూ వోల్టేజ్‌ను మోటార్ బాడీలోకి దింపేస్తుంది, బేరింగ్ దాకా పోనివ్వదు. వస్తువు మంచిదే. కానీ అతని మనిషి దాన్ని పెయింట్ గీకకుండానే కవర్ మీద మామూలు గమ్‌తో అతికించాడు, షాఫ్ట్ మీది తుప్పు రాకుండా పూసే పూత కూడా తుడవలేదు. మూడో బేరింగ్ కూడా పోయింది. అప్పుడు మా మేస్త్రీ రింగ్‌కూ మోటార్ బాడీకీ మధ్య మీటర్ పెడితే అసలు కంటిన్యూటీయే లేదు. అంటే అన్నాళ్లూ ఆ రింగ్ మోటార్‌కు నగలాగా వేలాడిందన్నమాట. అడిగితే "రింగ్ గ్యారంటీలో ఉంది సార్, బిగించడం గ్యారంటీలో లేదు" అన్నాడు!

అందుకే బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. రింగ్ కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా పెయింట్ గీకించండి. షాఫ్ట్‌ను సన్నటి ఎమెరీతో రుద్ది శుభ్రం చేయించి, కరెంటు పారే వెండి పూత ఇస్తే అది వేయించండి. గమ్‌తో అతికించాల్సి వస్తే కరెంటు పారే ఎపాక్సీయే వాడాలి, స్క్రూలకు మామూలు థ్రెడ్ లాక్ పూయనివ్వకండి. కీ గాడి మీద పీచు రుద్దుకోకుండా చూడాలి. అయ్యాక రింగ్ నుంచి బాడీకి మీటర్ పెట్టి చూడండి, ఒకటి రెండు ఓమ్‌లు దాటితే ఒప్పుకోవద్దు. మన మిల్లుల్లో ఊక దుమ్ము, బూడిద ఎక్కువ కాబట్టి దుమ్ము పోకుండా సీల్ ఉన్న రకం గానీ, మోటార్ కవర్ లోపల బిగించేది గానీ అడగండి.

పని చేస్తుందో లేదో మామూలు మీటర్‌తో షాఫ్ట్ వోల్టేజ్ చూసి చెప్పలేం, ఆ పల్స్‌లు దానికి అందనంత వేగం. ఆసిలోస్కోప్ కావాలి, షాఫ్ట్‌ను తాకడానికి బ్రష్ మూతి ఉన్న ప్రోబ్ కావాలి. రింగ్ లేనప్పుడు వోల్టేజ్ పైకి ఎక్కి ఒక్కసారిగా కింద పడుతూ కనిపిస్తుంది, ఆ పడిన ప్రతిసారీ బేరింగ్‌లో ఒక స్పార్క్ అని లెక్క. రింగ్ సరిగ్గా బిగిస్తే ఆ ఎత్తు బాగా తగ్గిపోవాలి. మేము వేరే సర్వీస్ వాళ్లను పిలిపించి, రింగ్ విప్పి మళ్లీ సరిగ్గా బిగించి, ముందూ తర్వాతా స్కోప్ తెర ఫొటోలు తీయించాం. తేడా స్పష్టంగా కనిపించింది. డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే డీసీని కోసే వేగం, 8 కిలోహెర్ట్జ్ ఉంటే 4కి దించాం, మోటార్ కాస్త కూత పెడుతుంది గానీ స్పార్కులకు అవకాశాలు తగ్గుతాయి. డ్రైవ్ నుంచి మోటార్‌కు విడివిడి వైర్లు లాగి ఉంటే అవి తీసేసి, షీల్డ్ ఉన్న వీఎఫ్‌డీ కేబుల్ వేయించి, ఆ షీల్డ్‌ను రెండు వైపులా ఎర్త్ చేయించండి.

100 హెచ్‌పీ దాటిన మోటార్లు ఉన్నవాళ్లకు రింగ్ ఒక్కటే చాలదు. అక్కడ షాఫ్ట్, రెండు బేరింగ్‌లు, బాడీ కలిసి ఒక చుట్టుగా మారి అందులో ఇంకో రకం కరెంటు తిరుగుతుంది. దాన్ని తెంచాలంటే పుల్లీ లేని వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ వేసి, పుల్లీ వైపు రింగ్ పెట్టాలి. ఇన్సులేటెడ్ బేరింగ్ పేరు చెప్పి మామూలు బేరింగ్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద కాదు, బేరింగ్ మీదే కొట్టిన నంబర్ చూడండి, ఎస్‌కేఎఫ్‌లో అయితే చివర VL0241 అని ఉంటుంది.

ఆర్డర్ ఇచ్చేముందు కొటేషన్‌లో రింగ్ మోడల్, ఎవరు బిగిస్తారు, బిగించాక ఓమ్ రీడింగ్, షాఫ్ట్ వోల్టేజ్ ఫొటో ఇస్తారా అన్నవి రాయించుకోండి. మా డీలర్‌తో గొడవ ఇంకా నడుస్తోంది, కోసిన మూడు బేరింగ్‌లూ ఆఫీసులోనే పెట్టుకున్నాను. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే కింద రాయండి, రేస్ ఫొటో ఉంటే అది కూడా పెట్టండి.