5 లక్షలు ఎఫ్‌డీలోనా, ఇండెక్స్ ఫండ్‌లోనా? 72తో లెక్క

బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం, చేతిలో 5 లక్షల బోనస్. 72ని ఏటా వచ్చే శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయి.

కాగితం మీద: ఎఫ్‌డీ 7 శాతమైతే పదేళ్లు దాటుతుంది. ఫండ్ 12 శాతం ఇస్తే ఆరేళ్లు.

పన్ను: 30 శాతం శ్లాబులో ఉంటే ఎఫ్‌డీ వడ్డీ మీద సెస్‌తో కలిపి 31.2 శాతం పోతుంది. 7లో మిగిలేది 4.8. అంటే 5 లక్షలు 10 కావడానికి పదిహేనేళ్లు! ఫండ్‌కు పన్ను అమ్మినప్పుడే, అదీ లాభం మీదే.

రిస్క్: ఎఫ్‌డీ రేటు ముందే ఖాయం కాబట్టి లెక్క దాదాపు నిలుస్తుంది. ఫండ్‌లో ఆ 12 ఎవరూ రాసివ్వరు. పైగా ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక ఏడాది 40 శాతం పెరిగి, మరుసటి ఏడాది 16 శాతం పడితే సగటు 12 అంటారు. కానీ 100 రూపాయలు 140 అయి, 117.60కి దిగాయి. ఏటా నిజంగా పెరిగింది 8.4 శాతమే, అంటే ఎనిమిదిన్నరేళ్లు. 72 కింద పెట్టాల్సింది సగటు కాదు, ఏటా నిజంగా పెరిగిన ఈ రేటు, అంటే సీఏజీఆర్.

శ్రమ: రెండూ ఫోన్‌లో పనే.

మూడేళ్లలో ఫ్లాట్ అడ్వాన్సు కట్టాలంటే ఎఫ్‌డీయే. అంత తక్కువ కాలంలో రెట్టింపు ఊసే అనవసరం. పదేళ్లు ముట్టుకోనక్కర్లేదు, శ్లాబు 30 అంటే ఫండ్. ఊళ్లో అమ్మ సొంత డబ్బు, ఆమెకు పన్ను పడదంటే ఎఫ్‌డీకి పూర్తి 7 వేసి లెక్కేయండి.